రచయిత కావాలనే నియమం తప్పినప్పుడు దిద్దాలా, ఉంచాలా? కాపీ ఎడిటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కథలనూ నవలలనూ కాపీ ఎడిట్ చేసేవారికి మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగాలు ఎన్నో ఉన్నా, తెగిన వాక్యాలు, మాండలికం అనే రెండింటికే పరిమితమయ్యాను. మంచి ఉద్దేశంతోనే రచనకు ఎక్కువ నష్టం చేసే దిద్దుబాట్లు ఈ రెండు చోట్లే జరుగుతాయని నా అభిప్రాయం. వార్తలకు, పాఠ్యపుస్తకాలకు, ఒప్పంద పత్రాలకు ఈ జవాబులు వర్తించవు. పని సాగే క్రమంలో ప్రశ్నలను అమర్చాను గానీ, దేనికది విడిగా చదువుకోవచ్చు.

## పని మొదలుపెట్టే ముందు

రచయిత కావాలనే రాశారో, పొరపాటున రాశారో నాకెలా తెలుస్తుంది?

ఒక్క వాక్యాన్ని పట్టుకుని చూస్తే తెలియదు. అదే పని రచయిత ఇంకెక్కడెక్కడ చేశారో, ఎక్కడ చేయలేదో చూస్తే చాలావరకు తెలుస్తుంది. ఒక నవలలో కథానాయిక ఒంటరిగా భయపడే ప్రతి సన్నివేశంలోనూ వాక్యాలు తెగిపోతూ, ఆమె నలుగురిలో ఉన్నప్పుడు నిండుగా నడుస్తూ ఉంటే అది రచయిత తనకు తాను పెట్టుకున్న నియమం. వ్యాకరణం చెప్పే నియమాన్ని తప్పుతూ ఆయన మరో నియమాన్ని పాటిస్తున్నారన్నమాట. మీరు కాపాడవలసింది ఆ రెండో నియమాన్నే. అదే నవలలో ఎక్కడో కార్యాలయపు సన్నివేశంలో, ఏ ఉద్వేగమూ లేనిచోట, ఒక వాక్యం క్రియ పూర్తికాకుండా ఆగిపోతే అది ఆ క్రమంలోకి రాదు కాబట్టి అనుమానించాలి.

చుట్టూ ఉన్న వాక్యాలు కూడా సాక్ష్యం చెబుతాయి. కర్తకూ క్రియకూ పొంతన సరిగా ఉండి, విరామ చిహ్నాలు నిలకడగా పడి, పొడవాటి వాక్యాలు కూడా తడబడకుండా సాగుతుంటే, వాటి మధ్య కనిపించిన తెగిన వాక్యం చేయి తిరిగిన మనిషి చేసిన ఎంపిక అయ్యే అవకాశం ఎక్కువ. రాతప్రతి అంతటా కామాలు, పూర్ణవిరామాలు కలగాపులగంగా పడి ఉంటే అదే తెగిన వాక్యానికి అంత నమ్మకం ఇవ్వలేం. ఈ రెండు కొలతలతోనూ తేలనివి కొన్ని మిగులుతాయి. వాటిని రచయితనే అడగాలి.

గడువు తక్కువగా ఉన్నప్పుడు కూడా మొదటిసారి ఏమీ దిద్దకుండా చదవాలా?

పుస్తకం మొత్తాన్ని అలా చదివే వీలు లేకపోతే మొదటి రెండు మూడు అధ్యాయాలు, నడుమ ఒకటి, చివరిది ఒకటి చదవండి. చదివేటప్పుడు గీతలు గీయకుండా పేజీ సంఖ్యలు మాత్రం రాసుకోండి. మొదటి పేజీ నుంచే దిద్దుకుంటూ పోయే ఎడిటర్ అరవయ్యో పేజీకి వచ్చాక అది తప్పు కాదు, పద్ధతి అని గ్రహిస్తే, వెనక్కి వెళ్లి తన దిద్దుబాట్లన్నీ తీసేయాలి. ముందు చదువుకు పట్టే సమయం కంటే దానికి పట్టే సమయమే ఎక్కువ. పైగా అలా వెనక్కి వెళ్లినప్పుడు ఒకటి రెండు దిద్దుబాట్లు ఎక్కడో మిగిలిపోతాయి.

శైలి పట్టికలో వీటిని ఎలా రాసుకోవాలి?

“తెగిన వాక్యాలు: ఉంచాలి” అని ఒక్క ముక్క రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. ఎక్కడ ఉంచాలి, ఎందుకు ఉంచాలి, ఎక్కడ ఉంచకూడదు అన్న మూడూ కనిపించాలి. “కథానాయిక ఒంటరిగా ఉన్నప్పటి కథనంలో తెగిన వాక్యాలు ఉంచాలి, ఉదాహరణకు 14, 37, 92 పేజీలు. ఇతర పాత్రల వైపు నుంచి సాగే అధ్యాయాలలో కనిపిస్తే రచయితను అడగాలి” అని రాసుకుంటే, తరువాత ఆ ప్రతి ఎవరి చేతికి వెళ్లినా మీ నిర్ణయం వారికి అర్థమవుతుంది. మాండలికానికైతే పాత్రల పేర్ల కింద వారి క్రియారూపాలు రాసుకోవాలి. అవ్వ “వచ్చిండు, వచ్చిండ్రు, వచ్చిన” అంటుంది. మనవడు ఇంట్లో అలాగే అంటాడు, కళాశాలలో “వచ్చాడు, వచ్చారు, వచ్చాను” అంటాడు. ఇంత రాసుకుంటే రెండు వందల పేజీల తరువాత అవ్వ నోట “వచ్చాడు” అని వినబడిన వెంటనే మీ కన్ను అక్కడ ఆగుతుంది.

## తెగిన వాక్యాల దగ్గర

క్రియ లేని వాక్యాలన్నీ అసంపూర్ణమైనవేనా?

కావు. “ఆయన మా లెక్కల మాస్టారు”, “ఈ ఇల్లు చాలా పాతది” అన్నవి క్రియ లేకుండానే పూర్తయిన తెలుగు వాక్యాలు. నామపదమే ఆఖ్యాతంగా నిలబడటం మన భాషలో మామూలు సంగతి, అందులో నియమభంగం ఏమీ లేదు. ఇంగ్లీషు వ్యాకరణం అలవాటైన చేయి ఇలాంటిచోట “ఉంది”, “అయి ఉన్నారు” వంటివి తగిలించి వాక్యాన్ని పాడుచేస్తుంది.

తెలుగులో నిజంగా తెగినవి అనదగ్గవి వేరే ఉన్నాయి. మొదటి రకం అసమాపక క్రియతో ఆగిపోయేవి: “అందరూ చూస్తుండగా.”, “ఇంకోసారి అడిగితే.”, “పుస్తకం మూసేసి.” వీటి తరువాత మరో క్రియ వస్తుందని చదువరి ఎదురుచూస్తాడు, అది రాదు. రెండో రకం ఒంటరిగా నిలిచే నామపదాలు, విభక్తితో ఆగిపోయే మాటలు: “వాన.”, “అటకమీద.”, “నాన్న కోసం.” మొదటి రకం ఏదో ఆగిపోయిందని చెబుతుంది, రెండోది ఏదో ఎదురైందని చెబుతుంది. దిద్దే ముందు అది ఏ రకమో గుర్తిస్తే, రచయిత అక్కడ ఏం చేయబోయారో ఊహించడం తేలికవుతుంది.

తెగిన వాక్యాన్ని ఉంచాలో, కలపాలో తేల్చుకోవడానికి పరీక్ష ఏమైనా ఉందా?

నేను నమ్మే పరీక్ష ఒకటే. వాక్యాన్ని పక్క కాగితం మీద పూర్తిచేసి, రెండు పాఠాలనూ పైకి చదివి, ఏం పోయిందో చూడటం. ఒక నవలలో ఈ భాగం ఉందనుకుందాం:

“తలుపు తీసింది. చీకటి. గోడ తడుముకుంటూ రెండడుగులు వేసింది. స్విచ్చు దొరకలేదు. ఎవరో దగ్గిన చప్పుడు. వెనక్కి తిరగబోయి.”

దీన్ని వ్యాకరణం ఒప్పుకునేలా పూర్తిచేస్తే ఇలా ఉంటుంది:

“తలుపు తీసింది. లోపల చీకటిగా ఉంది. గోడ తడుముకుంటూ రెండడుగులు వేసింది. స్విచ్చు దొరకలేదు. ఎవరో దగ్గిన చప్పుడు వినిపించింది. ఆమె వెనక్కి తిరగబోయింది.”

సమాచారం ఏమీ పోలేదు. కానీ “లోపల చీకటిగా ఉంది” అన్నప్పుడు గదిని చూసి మనకు చెబుతున్నది కథకుడు. “చీకటి” అన్నప్పుడు అది ఆమె కళ్లకు తగిలిన క్షణంలోనే మనకూ తగులుతుంది. “వినిపించింది” అన్న క్రియ కూడా అంతే. చప్పుడుకూ ఆమెకూ మధ్య చెప్పేవాడు ఒకడు వచ్చి నిలబడ్డాడు. కాబట్టి ఈ రెండింటినీ ఉంచాలి, దానికి రచయితను అడగనక్కరలేదు.

మూడోదైన “వెనక్కి తిరగబోయి.” అంత సులభంగా తేలదు. అధ్యాయం అక్కడే ముగిసి, తరువాతి అధ్యాయం వేరే చోట మొదలైతే, ఆమె తిరగడం పూర్తికాలేదన్న సంగతిని ఆ అసమాపక క్రియే మోస్తోంది కాబట్టి తాకకూడదు. అలా కాక తరువాతి వాక్యం “ఆగిపోయింది.” అయితే, “వెనక్కి తిరగబోయి ఆగిపోయింది” అన్న ఒకే వాక్యం మధ్యలో పూర్ణవిరామం పడిందేమో అన్న అనుమానం వస్తుంది. అప్పుడు కూడా ఆ విరామం రచయిత కోరుకున్న ఆగుడే కావచ్చు కాబట్టి అక్కడ ప్రశ్న పెట్టాలి.

ఇప్పుడు అదే నవలలోని మరో చోటు చూడండి: “ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి. మడిచి జేబులో పెట్టుకున్నాడు.” దీన్ని “చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు” అని కలిపి పైకి చదివితే, పోయింది పూర్ణవిరామం ఒక్కటే. చదివేవారి చూపు మారలేదు, ఏ పనీ మధ్యలో ఆగలేదు, ఎవరికీ ఊపిరి బిగబట్టే అవసరం రాలేదు. ఇది కామా పడవలసిన చోట వేలు జారి పడిన చుక్క. దీన్ని దిద్ది, దిద్దినట్టు కనిపించేలా ఉంచితే చాలు.

విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి, కానీ పేజీ నిండా అవే. తగ్గించమని అడగవచ్చా?

అడగవచ్చు, కానీ మీరే తగ్గించేయకూడదు. ఎన్ని ఉండవచ్చన్న దానికి లెక్క ఏదీ లేదు. చూడవలసింది తేడా. ఉద్రేకపు సన్నివేశంలోనూ ప్రశాంతమైన సన్నివేశంలోనూ వాక్యాలు ఒకేలా తెగుతుంటే, నిజంగా ఉలిక్కిపడవలసిన చోట చదువరికి ఉలికిపాటు రాదు, ఎందుకంటే అప్పటికే అతనికి ఆ కుదుపు అలవాటైపోయింది. రచయితకు ఈ సంగతినే చెప్పాలి. పుస్తకం మొత్తం మీద వ్యాఖ్యానించడం కంటే ఒక్క ప్రశాంతమైన పేజీని ఎంచుకుని, అందులో రెండు మూడు చోట్ల వాక్యాలు కలిపి చూపి, ఇలాంటి పేజీలలో ఇలా చేస్తే ముందున్న ప్రమాద సన్నివేశం మరింత పదునెక్కుతుందేమో చూడమని కోరితే, ఒప్పుకుంటే మిగతావి రచయితే చేసుకుంటారు. ఒప్పుకోకపోతే అది వారి పుస్తకం.

తెగిన ప్రతి వాక్యం చివరా మూడు చుక్కలు పెట్టారు. తీసేయనా?

తెగిపోవడానికీ సాగదీయడానికీ తేడా ఉంది. “ఇంకోసారి అడిగితే.” అన్నది గట్టిగా ఆగుతుంది, “ఇంకోసారి అడిగితే...” అన్నది నసుగుతుంది. మాట్లాడే పాత్రకు ఏది నప్పుతుందో చూసి, నప్పనిచోట అడగండి. చుక్కలు ఒకచోట రెండు, మరోచోట అయిదు ఉంటే మాత్రం అడగకుండానే అన్నిచోట్లా మూడు చేయండి, అందులో ఎవరి గొంతూ పోదు.

## మాండలికం దగ్గర

“నేను నిన్ననే చెప్పిన” అని ఉంది. క్రియ పూర్తికాలేదు కదా, “చెప్పాను” అని మార్చాలా?

మార్చకూడదు. తెలంగాణ మాటలో “నేను చెప్పిన” అన్నది పూర్తి వాక్యం. అక్కడ “చెప్పిన” సమాపక క్రియే. నువ్వు చెప్పినవ్, మేము చెప్పినం, వాడు చెప్పిండు, వాళ్లు చెప్పిండ్రు అని ఆ వరుస మొత్తం క్రమంగా నడుస్తుంది. ప్రామాణిక భాషలో “చెప్పిన” అన్న రూపం “చెప్పిన మాట” వంటిచోట విశేషణంగానే వస్తుంది కాబట్టి, ఆ భాషకు మాత్రమే అలవాటైన ఎడిటర్‌కు ఇది సగంలో ఆగిన వాక్యంలా కనిపిస్తుంది. ఇందులో తెగిందేమీ లేదు, రచయిత ఏ నియమాన్నీ తప్పనూ లేదు. ఆ మాటకు ఉన్న వ్యాకరణాన్ని సరిగ్గా పాటించారు.

మాండలికపు రాతప్రతులలో ఎడిటర్లు “సరిచేసిన” వాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేవి ఇవే. “చెప్పిన” బదులు “చెప్పాను” అని ఒక్కచోట మారితే, ఆ పాత్ర ఆ ఒక్క వాక్యంలో వేరే మనిషి అయిపోతుంది. అందుకే మాండలికంలోని ఏ క్రియారూపాన్నయినా తప్పు అనుకునే ముందు, అదే పాత్ర నోట ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలలో ఆ క్రియ ఎలా వస్తోందో రాతప్రతిలోనే వెతికి ఒక వరుసగా రాసుకోండి. వరుస కుదిరితే అది వ్యాకరణం. కుదరనిచోట మాత్రమే ప్రశ్న పెట్టండి.

ఒకే పాత్ర ఒకచోట “చెప్పు” అనీ, మరోచోట “జెప్పు” అనీ అంటోంది. ఒకే రూపానికి తేవాలా?

తొందరపడకండి. ముందున్న మాట ఏదో చూడండి. వాక్యాన్ని “చెప్పు” అంటూ మొదలుపెట్టే మనిషే “నువ్వు జెప్పు” అనీ, “ఏం జేస్తున్నవ్” అనీ అనవచ్చు. ముందు వచ్చిన పదాన్ని బట్టి తరువాతి పదంలోని మొదటి హల్లు మెత్తబడటం పలుకుబడిలో ఉన్నదే. పాత వ్యాకరణాలు సరళాదేశమనీ గసడదవాదేశమనీ చెప్పే మార్పులకు ఇది దగ్గరి చుట్టం. రచయిత చెవి చురుకైనదైతే ఈ రెండు రూపాలూ రాతప్రతిలో ఒక క్రమంలో కనిపిస్తాయి. వాటిని ఒకే రూపానికి తెస్తే మీరు తప్పు దిద్దినట్టు కాదు, ఉచ్చారణను చెరిపినట్టు.

ఆ క్రమం కనిపించకపోతే, అంటే “నువ్వు చెప్పు”, “నువ్వు జెప్పు” రెండూ ఒకే పేజీలో ఒకే పాత్ర నోట అకారణంగా వస్తుంటే, అప్పుడు రెండింటికీ పేజీ సంఖ్యలు రాసి, ఏది ఎంచుకుంటారో రచయితను అడగండి. ఎంచుకున్నది శైలి పట్టికలో చేర్చి, ఆ పాత్ర మాటలన్నింటికీ వర్తింపజేయండి. మనిషి నిజంగా మాట్లాడేటప్పుడు రెండు విధాలా అనవచ్చు కదా అన్న వాదన నిజమే. కానీ కాగితం మీద కారణం కనిపించని తేడాను చదువరి అచ్చుతప్పుగానే తీసుకుంటాడు.

ఆ మాండలికం నాకు రాదు. అయినా నేను ఎడిట్ చేయవచ్చా?

చేయవచ్చు, కానీ మీ పని ఎక్కడ ఆగాలో తెలుసుకుని చేయాలి. కథలోని కాలక్రమం, పాత్రల పేర్లు, విరామ చిహ్నాలు, కథనంలోని భాష అన్నీ మీరే చూసుకోగలరు. మాండలికంలో మీరు చేయగలిగింది తేడాలను గుర్తించడం మాత్రమే. ఏది సరైనదో తీర్పు చెప్పడం కాదు. ఆ మాట పుట్టుకతో వచ్చిన ఒకరిచేత సంభాషణలను పైకి చదివించే ఏర్పాటు చేయమని ప్రచురణకర్తను అడగండి. పుస్తకం మొత్తం అక్కరలేదు, మీరు అనుమానించిన చోట్ల జాబితా ఇస్తే చాలు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. రెండు మూడు అధ్యాయాలు చదివేసరికి మాండలికం పట్టుబడిందనిపించి, రచయిత ప్రామాణికంగా రాసిన మాటను కూడా మీ అంతట మీరే మాండలికంలోకి మార్చాలనిపిస్తుంది. “వచ్చాడు” అని ఉన్నచోట “వచ్చిండు” అని పెట్టేసి, రచయిత మరిచిపోయి ఉంటారనుకుంటాం. ఆ పాత్ర అక్కడ అధికారితో మాట్లాడుతూ ఉండవచ్చు, తనకు చదువు వచ్చునని తెలియజేయాలని ఉండవచ్చు. ఒకే మనిషి ఎదుటివారిని బట్టి మాట మార్చడం కథలో కీలకమైన సమాచారం. అలాంటి చోట్ల మార్పు ఎటువైపైనా సరే, ముందు ప్రశ్న పెట్టాలి.

పనివాళ్ల మాటల్లో మాత్రమే ఒత్తులు తీసేసి “బయం”, “దనం” అని రాశారు. ఉంచాలా?

ఇది నిర్ణయించే ముందు రచయితతో తప్పక మాట్లాడవలసిన విషయం. మామూలు మాటల్లో “భయం”, “ధనం” అన్నవాటిని చాలామంది ఒత్తు లేకుండానే పలుకుతారు, చదువుకున్నవారు కూడా. యజమాని, పనివాడు ఇద్దరూ ఒకేలా పలికే మాటను యజమాని నోట “భయం” అనీ పనివాడి నోట “బయం” అనీ రాస్తే, తేడా చెవికి కాదు, కంటికే. చదువరికి అది పనివాడి యాసగా అందదు, అతనికి చదువు లేదన్న ముద్రగా అందుతుంది.

“వచ్చిండు” వంటి క్రియారూపాలకూ దీనికీ పోలిక లేదు. అవి నిజంగా వేరుగా పలికేవి, తమ వ్యాకరణం తమకు ఉన్నవి. అందుకని రచయితకు రాసేటప్పుడు ఈ రెండింటినీ విడదీసి చూపండి: క్రియారూపాలు, ఆ ప్రాంతపు పదాలు ఉంచుతున్నానని చెప్పి, ఒత్తులు లేని రాతను అందరికీ వర్తింపజేయడమో, అందరికీ మానేయడమో ఆలోచించమని కోరండి. పిల్లవాడు రాసిన ఉత్తరాన్ని కథలో చూపుతుంటే సంగతి వేరు. అక్కడ రాతలోని తప్పే పాత్ర గురించి చెబుతుంది, దాన్ని అక్షరం కదపకుండా ఉంచాలి.

మాండలిక పదాలు అందరికీ అర్థం కావు. పక్కన అర్థం రాయమనాలా?

చాలాచోట్ల అక్కర్లేదు. తెలియని పదం వచ్చిన వాక్యంతో పాటు దాని ముందూ వెనకా ఉన్న రెండేసి వాక్యాలు చదవండి. పని ఏదో, వస్తువు ఏదో సుమారుగా ఊహకు అందితే చాలు, చదువరి ఆగడు. అందకుండా, కథ ముందుకు సాగడానికి ఆ పదమే ఆధారమైతే, పక్కనే బ్రాకెట్లలో అర్థం పెట్టడం కంటే మరో పాత్ర మాటలోనో చేతలోనో అది తేలేలా చేయగలరా అని రచయితను అడగండి. పుస్తకం చివర పదాల పట్టిక ఉండాలా వద్దా అన్నది ప్రచురణకర్త, రచయిత కలిసి తేల్చుకోవలసినది.

కథనం కూడా మాండలికంలోనే ఉంది, మధ్యలో పేరాలకు పేరాలు ప్రామాణిక భాషలోకి జారిపోతోంది. ఏం చేయాలి?

జారిన పేరాలన్నీ గుర్తుపెట్టి, వాటిలో ఏముందో ఒక్క మాటలో పక్కన రాసుకోండి. వాటిలో ఎక్కువ భాగం ఊరి వర్ణన, గతం చెప్పడం, ఆలోచన వంటివైతే, మాటలు వినిపించేచోట మాండలికం తేలికగా వచ్చి, వర్ణనకు వచ్చేసరికి బడిలో నేర్చిన భాష కలంలోకి వచ్చిందని అర్థం. ఇది చాలామందికి జరుగుతుంది, రచయితకు చెబితే సంతోషంగా తిరగరాస్తారు. అలాకాక కథకుడు పెద్దవాడై చదువుకుని తన చిన్నతనాన్ని చెబుతుంటే, పెద్దవాడి మాట ప్రామాణికంగానూ చిన్నవాడి అనుభవం మాండలికంగానూ ఉండటం పుస్తకపు కట్టుబాటే కావచ్చు. ఆ హద్దు ప్రతిచోటా నిలిచిందో లేదో చూడటం అప్పుడు మీ పని.

## రచయితకు ప్రశ్నలు పంపేటప్పుడు

ప్రశ్న ఎలా రాస్తే రచయిత నొచ్చుకోకుండా జవాబిస్తారు?

“వాక్యం అసంపూర్తి. సరిచేయండి” అన్నది ప్రశ్న కాదు. అది చదివిన రచయిత తనకు వ్యాకరణం రాదంటున్నారనుకుంటారు, లేదా భయపడి కావాలని చేసినదాన్ని కూడా దిద్దేస్తారు. రెండోది మరింత నష్టం. చదివినప్పుడు మీకు ఏం జరిగిందో చెప్పి, రెండు దారులూ చూపి, ఏమీ మార్చకపోవడం కూడా ఒక దారేనని స్పష్టం చేయండి. ఉదాహరణకు:

“పుట 118: ‘వెనక్కి తిరగబోయి.’ తరువాత ‘ఆగిపోయింది.’ అని ఉంది. ఇక్కడ ఆగుడు కోరుకుంటే ఇలాగే ఉంచుతాను. ఒకే కదలిక అయితే ‘వెనక్కి తిరగబోయి ఆగిపోయింది’ అని కలపవచ్చు. 14, 37 పుటలలో ఇలాంటి వాక్యాలను ఉంచాను.”

చివరి వాక్యం చిన్నదే అయినా, మీరు వారి పద్ధతిని గమనించారని అదే చెబుతుంది. ఒకే రకపు ప్రశ్న పదిచోట్ల వస్తే పది వ్యాఖ్యలు పెట్టకుండా, పేజీ సంఖ్యలతో ఒకే లేఖలో అడగండి.

“అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి” అన్నారు. తప్పని నాకు ఖాయంగా తెలిసినవి కూడా ఉంచాలా?

శైలి విషయంలో ఆ మాటను అక్షరాలా పాటించండి. అయితే ఒక పాత్ర పేరు రెండు రకాలుగా ఉండటం, సోమవారం మొదలైన ప్రయాణం మరుసటి రోజు ఆదివారానికి చేరడం, అక్షరం ఎగిరిపోవడం వంటివి శైలి కిందికి రావు. వాటిని వేరే జాబితాగా పంపి, ఇవి శైలికి సంబంధించినవి కావు కాబట్టి అడుగుతున్నానని ఒక్క వాక్యం రాయండి. ఇలా విడదీసి చూపితే, అన్నీ ఉంచమన్నవారు కూడా ఈ జాబితాను మాత్రం శ్రద్ధగా చూస్తారు.

ప్రచురణ సంస్థ శైలి నియమావళి ఒకటి చెబుతోంది, రచయిత మరొకటి చేశారు. ఎవరి మాట చెల్లాలి?

సంఖ్యలు, తేదీలు, కొటేషన్ గుర్తులు, ఒకే పదానికి ఉన్న రెండు వర్ణక్రమాల మధ్య ఎంపిక వంటివాటిలో సంస్థ నియమావళిని పాటించండి. పాత్ర గొంతు, వాక్యపు లయ మారేచోట రచయితదే చెల్లాలి. ఏది ఏ కోవలోకి వస్తుందో తేలకపోతే, మీరే నిర్ణయించకుండా సంపాదకుడికి ఆ పేజీ చూపి, నిర్ణయాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

## ప్రూఫ్ దశలో

నేను ఉంచిన వాక్యాలను ప్రూఫ్ రీడర్ దిద్దేశారు. దీన్ని ఎలా ఆపాలి?

ప్రూఫ్ రీడర్‌ను తప్పుపట్టలేం. తెగిన వాక్యం కనబడితే పట్టుకోవడమే ఆయన పని, అది కావాలని ఉంచినదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. శైలి పట్టికను ప్రూఫ్‌లతో పాటే పంపండి. అది ఎవరూ తెరవరన్న అనుమానం ఉంటే, మొదటి పేజీకి ఒక చీటీ జతచేసి, ఉంచవలసిన రకాలను ఉదాహరణలతో నాలుగు వాక్యాలలో రాయండి. అప్పటికే దిద్దేసినవాటిని తిరిగి నిలపాలంటే, కాగితపు ప్రూఫ్‌లో ఆ మాటల కింద చుక్కలు పెట్టి అంచున “స్టెట్” అనో “ఉంచండి” అనో రాయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కంప్యూటర్ ఫైలులో అయితే ఆ మార్పును తిరస్కరించి, ఎందుకో ఒక్క వాక్యం వ్యాఖ్యగా రాయండి. ఆ వ్యాఖ్య లేకపోతే తరువాతి విడతలో మరొకరు మళ్లీ అదే దిద్దుతారు.

చివరలో ఒక రూపాన్ని పుస్తకమంతా మార్చాలి. ఒకేసారి వెతికి మార్చేయవచ్చా?

మాండలికపు క్రియారూపాల విషయంలో వద్దు. “చెప్పిన” అని వెతికితే “నేను చెప్పిన” మాత్రమే కాదు, “ఆమె చెప్పిన మాట”, “చెప్పినట్టు”, “చెప్పినప్పుడు” కూడా వస్తాయి, అన్నీ ఒక్క మీటతో మారిపోతాయి. ఒక్కొక్కటే చూపించి అడిగే పద్ధతిలో వెళ్లండి, ప్రతిచోటా ఎవరు మాట్లాడుతున్నారో చూసి ఒప్పుకోండి. మార్పు ముగిశాక పాత రూపాన్ని మరోసారి వెతికి, మిగిలిన ప్రతిదీ మిగలవలసిన కారణంతోనే మిగిలిందో లేదో శైలి పట్టికతో సరిచూసుకుని, ఆ తరువాతే ఫైలును పేజీలు కట్టేవారికి పంపండి.